అతిమధురం, బీపీ, పొటాషియం: తరచుగా అడిగే ప్రశ్నలు

అతిమధురం వేరు వాడితే నిజంగా బీపీ పెరుగుతుందా? అది మూలికే కదా?

పెరుగుతుంది. అందరికీ ఒకేలా పెరగదు, ఒక్క రోజులో పెరగదు. రోజూ వాడుతూ పోతే, మోతాదు ఒక హద్దు దాటితే, ఒకటి రెండు వారాల్లోనే మార్పు కనిపించవచ్చు. 2024లో స్వీడన్‌లో వెలువడిన అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న 28 మంది యువతీయువకులకు రెండు వారాల పాటు రోజుకు కేవలం 100 మిల్లీగ్రాముల గ్లైసిరైజిక్ ఆమ్లం అనే తీపి పదార్థం అందేలా లికోరిస్, అంటే అతిమధురమే, ఇచ్చారు. వాళ్లు ఇంట్లో కొలుచుకున్న పై బీపీ సగటున 3 పాయింట్ల దాకా పెరిగింది. 3 పాయింట్లంటే పెద్ద లెక్కేమీ కాదనిపిస్తుంది. కానీ వాళ్లంతా ముప్ఫై ఏళ్ల లోపువాళ్లు, ఏ జబ్బూ లేనివాళ్లు. ఇక్కడ మనం ఎక్కువగా మాట్లాడబోయేది అరవై దాటి, బీపీకి మాత్రలు వేసుకుంటూ, కడుపులో మంటకో దగ్గుకో ఈ పొడిని రోజూ తీసుకునే మనిషి గురించి. ఆ మనిషిలో బీపీ ఒక్కటే పెరిగి ఆగదు, రక్తంలో పొటాషియం పడిపోతుంది. ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా ఈ రెండోదే.

తియ్యగా ఉంటుంది కానీ చక్కెర కాదంటారు. మరి హాని చేసేది ఏది?

ఆ తీపినిచ్చేదే హాని చేస్తుంది. వేరులో ఉండే గ్లైసిరైజిన్ అనే పదార్థం చక్కెర కంటే సుమారు 50 రెట్లు తియ్యగా ఉంటుంది, నాలుక మీద చాలాసేపు నిలుస్తుంది. దీన్నే గ్లైసిరైజిక్ ఆమ్లం అని కూడా అంటారు. పేగుల్లోని సూక్ష్మజీవులు దీన్ని విడగొట్టి గ్లైసిరెటినిక్ ఆమ్లంగా మారుస్తాయి. రక్తంలోకి చేరి పని చేసేది అదే.

చక్కెర లేదు కాబట్టి షుగర్ ఉన్నవాళ్లు దీన్ని ధైర్యంగా ఎంచుకుంటారు. గ్లూకోజ్ వరకు ఆ ధైర్యం సబబే. అయితే షుగర్ ఉన్నవాళ్లలో చాలామందికి బీపీ కూడా ఉంటుంది, దానికి మాత్రలూ ఉంటాయి. చిక్కు అక్కడ మొదలవుతుంది.

కిడ్నీలో ఏం జరుగుతుంది?

ఇది అర్థమైతే మిగతా ప్రశ్నల్లో సగానికి జవాబు మీకే తడుతుంది, అందుకే కాస్త వివరంగా చెబుతాం.

శరీరంలో ఉప్పును నిలిపి ఉంచమని కిడ్నీకి చెప్పే హార్మోన్ ఆల్డోస్టెరాన్. కిడ్నీలోని సన్నని గొట్టాల చివరి భాగంలో, కణాల లోపల, దీనికోసం ఒక గ్రాహకం ఉంటుంది. ఆల్డోస్టెరాన్ వచ్చి దానికి అతుక్కుంటే మూత్రంలోకి పోవాల్సిన సోడియం వెనక్కి వస్తుంది. అయితే అదే గ్రాహకానికి కార్టిసాల్ అనే మరో హార్మోన్ కూడా అంతే గట్టిగా అతుక్కోగలదు. పైగా రక్తంలో కార్టిసాల్ ఆల్డోస్టెరాన్ కంటే వందల రెట్లు ఎక్కువగా తిరుగుతూ ఉంటుంది. ఆ లెక్కన మనందరి కిడ్నీలూ రాత్రింబవళ్లు ఉప్పు పట్టి ఉంచుతూనే ఉండాలి. అలా జరగకపోవడానికి కారణం ఆ కణాల్లోనే కాపలా ఉన్న ఒక ఎంజైమ్. దాని పేరు 11-బీటా హైడ్రాక్సీస్టెరాయిడ్ డీహైడ్రోజినేజ్, రెండో రకం. లోపలికి వచ్చిన కార్టిసాల్‌ను అది ఎప్పటికప్పుడు కార్టిసోన్‌గా మార్చేస్తుంది. కార్టిసోన్ ఆ గ్రాహకానికి అతుక్కోలేదు.

గ్లైసిరెటినిక్ ఆమ్లం ఈ కాపలాదారును పని చేయనివ్వదు. ఇక కార్టిసాల్‌కు అడ్డు ఉండదు. అది నేరుగా గ్రాహకానికి అతుక్కుంటుంది. కిడ్నీకి మాత్రం ఆల్డోస్టెరాన్ ఎక్కువైనట్టే కనబడుతుంది. ఉప్పును లాగేసుకుంటుంది, ఉప్పుతో పాటు నీరూ నిలుస్తుంది, బరువు ఒకటి రెండు కిలోలు పెరుగుతుంది, బీపీ పైకి పోతుంది.

ఈ ఎంజైమ్ పుట్టుకతోనే పని చేయనివాళ్లు ఉన్నారు. అది చాలా అరుదైన జన్యు జబ్బు. వాళ్లకు చిన్నతనంలోనే తీవ్రమైన బీపీ, పొటాషియం లోటు కనిపిస్తాయి. అతిమధురం ఎక్కువగా వాడే పెద్దవాళ్లలో అదే జబ్బు తాత్కాలికంగా తయారవుతుంది.

ఉప్పు నిలవడం సరే, పొటాషియం ఎందుకు పోతుంది?

సోడియం, పొటాషియం రెండూ ధనావేశం ఉన్న అయాన్లు. గొట్టంలోని మూత్రం నుంచి సోడియం కణంలోకి లాగబడినప్పుడు గొట్టం లోపలి వైపు రుణావేశం మిగులుతుంది. ఆ లోటును పూడ్చడానికి కణంలో ఉన్న పొటాషియం తన దారిలో బయటికి, అంటే మూత్రంలోకి జారిపోతుంది. సోడియం ఎంత వేగంగా లోపలికి వస్తే పొటాషియం అంత వేగంగా పోతుంది. దాంతో పాటు హైడ్రోజన్ అయాన్లు కూడా పోతాయి కాబట్టి రక్తం క్షారం వైపు మొగ్గుతుంది. పరీక్షలో బైకార్బొనేట్ ఎక్కువగా కనబడేది అందుకే.

ఈ నష్టానికి ఒక షరతు ఉంది. గొట్టం చివరి భాగానికి సోడియం పుష్కలంగా చేరుతూ ఉండాలి. ఉప్పు ఎక్కువ తినేవాళ్లలో అది ఎక్కువగా చేరుతుంది. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మాత్రలు వేసుకునేవాళ్లలో ఇంకా ఎక్కువ. ఆ మాత్రల సంగతి కిందికి వస్తుంది.

రోజుకు ఎంత వరకు ఫర్వాలేదు?

ఐరోపా ఆహార శాస్త్ర సంఘం 2003లో రోజుకు 100 మిల్లీగ్రాముల గ్లైసిరైజిన్‌ను పై హద్దుగా చెప్పింది. ఆ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం కూడా, రోజుకు 100 మిల్లీగ్రాముల దాకా చాలామంది పెద్దలకు ఇబ్బంది రాకపోవచ్చనే చెప్పింది. అదే మోతాదులో యువకులకు కూడా బీపీ కొద్దిగా పెరిగిందని పైన చూశాం. కాబట్టి 100ని సురక్షితమైన మోతాదు అనుకోకండి, దాటకూడని గీత అనుకోండి. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులు ఉన్నవాళ్లకు ఆ గీత కూడా వర్తించదు.

ఇప్పుడు దీన్ని చెంచాల్లోకి మారుద్దాం. మందుల తయారీకి వాడే నాణ్యమైన వేరులో గ్లైసిరైజిన్ సుమారు 4 శాతం ఉంటుందనుకోండి. కొన్ని వేళ్లలో 2 శాతమే ఉండవచ్చు, కొన్నింట్లో అంతకు రెండు మూడు రెట్లు ఉండవచ్చు. 4 శాతం లెక్కన 1 గ్రాము పొడిలో 40 మిల్లీగ్రాములు. అంటే రెండున్నర గ్రాముల పొడితోనే 100 మిల్లీగ్రాములు పూర్తవుతాయి. గోపురంగా తీసిన ఒక టీస్పూన్ పొడి సుమారు 3 గ్రాములు తూగుతుంది. రోజుకు రెండుసార్లు అలా తీసుకుంటే 6 గ్రాములు, 240 మిల్లీగ్రాముల గ్లైసిరైజిన్. హద్దుకు రెట్టింపు కంటే ఎక్కువ. చెంచా లెక్క ఇంతగా మోసం చేస్తుంది కాబట్టి ఎవరైనా తప్పనిసరిగా వాడాల్సి వస్తే చిన్న తూకం మీద గ్రాముల్లో తూచుకోవాలి.

సారంతో చేసిన గుళికలది ఇంకో గొడవ. వేరును మరిగించి చిక్కబరిచి ఎండబెట్టిన సారంలో 20 శాతం దాకా గ్లైసిరైజిన్ ఉండవచ్చు. అలాంటిదైతే 500 మిల్లీగ్రాముల గుళిక ఒక్కటే 100 మిల్లీగ్రాములు ఇస్తుంది. చూడ్డానికి చిన్నదే.

కషాయం కాస్తే, పాలలో మరిగిస్తే, తేనె కలిపితే దోషం పోతుందా?

పోదు. గ్లైసిరైజిన్ వేడి నీటిలో బాగా కరుగుతుంది, మరిగినంత మాత్రాన విరిగిపోదు. నిజానికి ఎక్కువసేపు మరిగిస్తే వేరులోంచి ఎక్కువ దిగుతుంది. వేరు ముక్కలను వడగట్టి పారేస్తే పొడి మింగినప్పటి కంటే కొంత తక్కువ అందవచ్చు, అంతే. కషాయం తియ్యగా ఉందంటే గ్లైసిరైజిన్ దిగిందన్నమాటే.

ఎన్నాళ్లకు తెలుస్తుంది? లక్షణాలు ఎలా ఉంటాయి?

మొదట వచ్చేవి నీరు నిలిచిన గుర్తులు: సాయంత్రానికి చీలమండల దగ్గర వాపు, చెప్పులు బిగుతవడం, తలనొప్పి, ఇంట్లో కొలిస్తే బీపీ రోజురోజుకూ ఒక మెట్టు పైన ఉండటం. ఇవి ఒకటి రెండు వారాల్లో కనిపించవచ్చు.

పొటాషియం తగ్గడం చప్పుడు చేయకుండా సాగుతుంది. రక్తంలో అది మామూలుగా లీటరుకు 3.5 నుంచి 5.0 మిల్లీమోల్స్ ఉంటుంది. 3.2కు దిగినా చాలామందికి ఏమీ తెలియదు. 3.0 కిందికి వచ్చాక తొడల్లో బలహీనత మొదలవుతుంది. మెట్లు ఎక్కేటప్పుడు, కింద కూర్చుని లేచేటప్పుడు చేతి ఆసరా కావాలనిపిస్తుంది. రాత్రిపూట పిక్కలు పట్టేస్తాయి. మలబద్ధకం వస్తుంది. కిడ్నీ మూత్రాన్ని చిక్కబరచలేకపోవడం వల్ల దాహం, మాటిమాటికీ మూత్రం. ఇక్కడ చాలామంది వయసు మీద నెపం పెట్టి ఊరుకుంటారు. 2.5 కిందికి పోతే కండరాలు చచ్చుబడవచ్చు, కండర కణాలు చిట్లి మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారవచ్చు, గుండె లయ తప్పవచ్చు. అమెరికాలో 54 ఏళ్ల వ్యక్తి కొన్ని వారాల పాటు రోజుకు ఒకటిన్నర ప్యాకెట్ల నల్ల లికోరిస్ మిఠాయి తిని, ఉన్నట్టుండి గుండె ఆగి చనిపోయిన సంగతి 2020లో వైద్య పత్రికలో వచ్చింది.

గుండె దడ దడగా తప్పి కొట్టుకోవడం, స్పృహ తప్పడం, కాళ్లు లేవకపోవడం, ముదురు రంగు మూత్రం కనిపిస్తే ఇంట్లో ఉండి ఎదురుచూడకూడదు. వెంటనే ఈసీజీ, పొటాషియం పరీక్ష రెండూ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. పొడి డబ్బాను వెంట తీసుకెళ్లండి.

బీపీ ఎక్కువ కాకుండానే పొటాషియం పడిపోతుందా?

పడిపోయిన సందర్భాలు ఉన్నాయి. బీపీ మామూలుగా ఉందని ధీమాగా ఉండటానికి లేదు.

నేను బీపీ మాత్ర వేసుకుంటున్నాను. అది కాపాడదా?

ఏ మాత్ర అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువమంది తప్పుదారి పట్టేది ఇక్కడే.

హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్‌థాలిడోన్, ఇండపమైడ్, ఫ్యూరోసిమైడ్ లాంటివి మూత్రం ద్వారా ఉప్పు పంపే మాత్రలు. ఇవి గొట్టం పై భాగంలో సోడియంను ఆపకుండా కిందికి వదిలేస్తాయి. కింద చివరి భాగంలో, అతిమధురం వల్ల, సోడియంను లాగి పొటాషియంను వదిలే యంత్రం పూర్తి వేగంతో నడుస్తూ ఉంటుంది. పైనుంచి ముడిసరుకు, కింద యంత్రం. రెండూ కలిస్తే పొటాషియం విడివిడిగా పోయే దానికంటే చాలా వేగంగా పోతుంది. ఈ మాత్రలు ఉన్న బీపీ మందులు చాలా ఉన్నాయి. రెండు మూడు మందులు కలిపిన మాత్రల్లో కూడా ఉంటాయి. పేరు చివర 'హెచ్' అనో 'సీటీ' అనో ఉంటే అనుమానించి, వెనక రాసిన పదార్థాలు చదవండి.

ఎనలాప్రిల్, టెల్మిసార్టన్, లోసార్టన్ తరహా మందులు పొటాషియంను కొద్దిగా నిలుపుతాయి, నిజమే. కానీ ఇవి, ఆల్డోస్టెరాన్ తయారయ్యేలా కిడ్నీ వదిలే రెనిన్ నుంచి ఆల్డోస్టెరాన్ దాకా సాగే గొలుసును పట్టుకుని పని చేస్తాయి. అతిమధురం ప్రభావంలో ఉన్నవాళ్లలో ఆ గొలుసు అప్పటికే పడుకుని ఉంటుంది. గ్రాహకాన్ని నొక్కుతున్నది కార్టిసాల్. దాన్ని ఈ మందులు ఆపలేవు. అందుకే నిన్నటి దాకా బాగా పని చేసిన మాత్ర ఇప్పుడు చాలనట్టు కనిపిస్తుంది, మోతాదు పెంచాలనిపిస్తుంది.

నేరుగా ఆ గ్రాహకాన్నే మూసే స్పైరొనోలాక్టోన్, ఎప్లెరినోన్ మాత్రం పని చేస్తాయి. అలాగని అతిమధురం కొనసాగించడానికి వాటిని వాడటం అర్థం లేని పని.

ఒక ఉదాహరణ చెప్పగలరా?

ఇది ఫలానా మనిషి కథ కాదు. ఇలాంటి కేసులు సాధారణంగా ఎలా నడుస్తాయో చూపడానికి అంకెలతో కూర్చిన నమూనా.

ఒకావిడకు 61 ఏళ్లు. టెల్మిసార్టన్ 40 మిల్లీగ్రాములు, క్లోర్‌థాలిడోన్ 12.5 మిల్లీగ్రాములతో బీపీ 130/80 దగ్గర స్థిరంగా ఉంది. పొటాషియం 4.1. కడుపులో మంట తగ్గడానికి అతిమధురం పొడి పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, గోపురంగా తీసిన టీస్పూన్లు మొదలుపెట్టింది. రోజుకు 6 గ్రాములు. మంట తగ్గింది, కాబట్టి మానలేదు.

రెండో వారం చివర బీపీ 146/88. చీలమండలు కొద్దిగా వాచాయి. డాక్టర్ అడిగినప్పుడు ఆవిడ మందులన్నీ చెప్పింది కానీ పొడి సంగతి చెప్పలేదు, దాన్ని మందుగా అనుకోలేదు మరి. బీపీ ఎక్కువ, కాళ్ల వాపు: ఈ రెండూ చూస్తే ఎవరికైనా తట్టేది నీరు తీసే మాత్ర పెంచడమే. క్లోర్‌థాలిడోన్ 25 అయింది. ఆ సమయంలో చేయగలిగిన వాటిలో అన్నిటికన్నా హానికరమైన పని అదే, అయినా చేసినవాళ్లను తప్పుపట్టలేం.

నాలుగో వారంలో బీపీ 158/94. మెట్లు ఎక్కలేకపోతోంది. పరీక్షల్లో పొటాషియం 2.6, బైకార్బొనేట్ 34. ఈసీజీలో టీ తరంగం చదునుగా, దాని వెనక యు తరంగం స్పష్టంగా కనబడింది, ఇవి పొటాషియం లోటుకు గుర్తులు. మూత్రంలో పొటాషియం లీటరుకు 48 మిల్లీమోల్స్. శరీరంలో పొటాషియం ఇంత తక్కువగా ఉన్నప్పుడు కిడ్నీ సరిగా ఉంటే దాన్ని పట్టి ఉంచాలి, మూత్రంలో 20 కంటే చాలా కిందికి దిగాలి. 48 ఉందంటే పోతున్నది కిడ్నీ ద్వారానే. వాంతులు, విరేచనాల వల్ల ఎప్పుడో పోయింది కాదు.

తర్వాత రెనిన్, ఆల్డోస్టెరాన్ చూశారు. రెండూ బాగా తక్కువ. ఇది గమనించాల్సిన చోటు. టెల్మిసార్టన్, క్లోర్‌థాలిడోన్ రెండూ రెనిన్‌ను పెంచే మందులు. అవి రెండూ వేసుకుంటున్నా రెనిన్ అట్టడుగున ఉందంటే శరీరం ఉప్పుతో నిండిపోయి ఉందన్నమాట. ఆల్డోస్టెరాన్ కూడా లేదు. మరి గ్రాహకాన్ని నొక్కుతున్నది ఏమిటి? ఈ ప్రశ్న దగ్గర ఆగి 'ఇంట్లో ఏమైనా పొడులు, కషాయాలు, మిఠాయిలు తీసుకుంటున్నారా' అని అడిగితే జవాబు దొరికింది.

పొడి ఆపేశారు. క్లోర్‌థాలిడోన్ ఆపేశారు. ఈసీజీ చూసుకుంటూ పొటాషియం క్లోరైడ్ ఇచ్చారు, మెగ్నీషియం తక్కువగా ఉంటే అదీ సరిచేశారు, కొద్ది రోజులకు స్పైరొనోలాక్టోన్ జోడించారు. నాలుగు రోజుల్లో పొటాషియం 3.4, రెండు వారాలకు 4.4. ఇక్కడ రెండో ప్రమాదం కాచుకుని ఉంటుంది. అతిమధురం ప్రభావం తగ్గిపోయాక కూడా టెల్మిసార్టన్, స్పైరొనోలాక్టోన్, పొటాషియం మూడూ అలాగే కొనసాగితే ఈసారి పొటాషియం 5.5 దాటిపోతుంది. అదీ గుండెకు ప్రమాదమే. కాబట్టి మొదట పొటాషియం సిరప్, తర్వాత స్పైరొనోలాక్టోన్ ఆపించి, వారానికోసారి పరీక్ష చేశారు. మూడో వారానికి బీపీ టెల్మిసార్టన్ ఒక్కదానితోనే 134/82.

అరటిపండ్లు, కొబ్బరినీళ్లు తీసుకుంటే సరిపోదా?

తేలికపాటి లోటుకు సాయపడతాయి, దీనికి చాలవు. రక్తంలో పొటాషియం 1 మిల్లీమోల్ తగ్గిందంటే శరీరం మొత్తంలో 200 నుంచి 300 మిల్లీమోల్స్ లోటు ఉందని ఉజ్జాయింపు లెక్క. ఒక అరటిపండులో ఉండేది సుమారు 10 మిల్లీమోల్స్. పైగా పండ్లలో పొటాషియం ఎక్కువగా సిట్రేట్ లాంటి రూపాల్లో ఉంటుంది. రక్తం క్షారం వైపు మొగ్గినప్పుడు శరీరానికి క్లోరైడ్ కూడా కావాలి. అది లేకుండా ఇచ్చిన పొటాషియం సరిగా నిలవదు. అందుకే డాక్టర్లు పొటాషియం క్లోరైడ్‌నే ఇస్తారు.

అన్నిటికంటే ముఖ్యం, అతిమధురం ఆపకుండా ఎంత పోసినా మూత్రంలోకే పోతుంది. ఆసుపత్రిలో సెలైన్‌తో ఎక్కిస్తున్నా అంకె కదలడం లేదంటే ఇంకా ఎక్కడో లికోరిస్ లోపలికి వెళ్తోందా అని, మెగ్నీషియం తక్కువగా ఉందా అని చూస్తారు. పొటాషియం మాత్రలను సొంతంగా కొని వేసుకోవడం మాత్రం వద్దు, కిడ్నీ బలహీనంగా ఉంటే అవే ప్రాణం తీస్తాయి.

ఆపేస్తే ఎన్నాళ్లలో సర్దుకుంటుంది?

గ్లైసిరెటినిక్ ఆమ్లం కాలేయం నుంచి పిత్తంతో పేగుల్లోకి, మళ్లీ పేగుల నుంచి రక్తంలోకి తిరుగుతూ ఉంటుంది. కాబట్టి ఆఖరి చెంచా మింగిన రోజే పని ఆగదు. బీపీ, పొటాషియం చాలామందిలో ఒకటి రెండు వారాల్లో దారికి వస్తాయి. ఎక్కువ నెలలు వాడినవాళ్లలో రెనిన్, ఆల్డోస్టెరాన్ నిద్ర లేవడానికి ఇంకా చాలా వారాలు పట్టవచ్చు. మలబద్ధకం ఉన్నవాళ్లలో మందు పేగుల్లో ఎక్కువసేపు నిలిచి ఎక్కువగా తిరిగి పీల్చబడుతుంది. వాళ్లకు హాని త్వరగా రావడానికి, నెమ్మదిగా పోవడానికి అదొక కారణం.

లక్షణాలేమీ లేకపోతే ఇంట్లో ఇలా చేయవచ్చు. పొడిని ఆ రోజే పూర్తిగా ఆపండి, కొద్దికొద్దిగా తగ్గించాల్సిన అవసరం లేదు. రెండు మూడు రోజుల్లో పొటాషియం, సోడియం, బైకార్బొనేట్, క్రియాటినిన్ పరీక్ష చేయించండి. పొటాషియం 3.5 కంటే తక్కువ వస్తే అదే రోజు డాక్టర్‌తో మాట్లాడండి. వారం పాటు పొద్దున, సాయంత్రం ఐదు నిమిషాలు కూర్చున్నాక రెండేసి సార్లు బీపీ చూసి రాసిపెట్టుకోండి. ఈ మధ్య బీపీ మందు పెంచి ఉంటే ఆ సంగతి డాక్టర్‌కు గుర్తుచేయండి, ఎందుకంటే అతిమధురం ఆపాక ఆ పెంచిన మోతాదు ఎక్కువై బీపీ మరీ పడిపోయి లేవగానే కళ్లు తిరగవచ్చు. మోతాదు మీరు సొంతంగా మార్చకండి.

ఎవరు అసలు ముట్టకూడదు?

బీపీ, గుండె వైఫల్యం, కిడ్నీ జబ్బు, ఇదివరకే పొటాషియం తక్కువ ఉన్నవాళ్లు. మూత్రం పోయే మాత్రలు, ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్లు, రోజూ విరేచనం మాత్రలు వాడేవాళ్లు. గుండెకు డిగాక్సిన్ వాడేవాళ్ల సంగతి ప్రత్యేకం: పొటాషియం తగ్గితే రక్తంలో డిగాక్సిన్ మోతాదు మారకపోయినా అది విషంలా పని చేస్తుంది. గుండె లయకు వాడే కొన్ని మందులు, కొన్ని యాంటీబయాటిక్‌లు, కొన్ని మానసిక జబ్బుల మందులు ఈసీజీలో క్యూటీ విరామాన్ని, అంటే ఒక్కో కొట్టు తర్వాత గుండె మళ్లీ సిద్ధమయ్యే సమయాన్ని, పొడిగిస్తాయి. పొటాషియం తగ్గితే వాటితో కూడా గుండె లయ తప్పే భయం ఉంది.

గర్భిణులు కూడా మానడమే మేలు. మాయలో కూడా ఇదే ఎంజైమ్ ఉండి తల్లి కార్టిసాల్ బిడ్డకు ఎక్కువగా చేరకుండా చూస్తుంది.

గొంతు నొప్పికి రెండు మూడు రోజులు చిన్న ముక్క చప్పరిస్తే?

పైన చెప్పిన జాబితాలో లేని ఆరోగ్యవంతులకు దాంతో ఇబ్బంది రావడం అరుదు. హాని చేసేది 'రోజూ' అన్న మాట, 'నెలల తరబడి' అన్న మాట. నోట్లో పెట్టుకున్న ముక్కను రోజంతా నములుతూ రసం మింగే అలవాటు మాత్రం వేరు, అది తెలియకుండానే గ్రాముల లెక్కకు చేరుతుంది.

గ్లైసిరైజిన్ తీసేసిన అతిమధురం దొరుకుతుందట. అది వాడవచ్చా?

కడుపులో మంట కోసం వాడేవాళ్లకు అది ఉన్నంతలో మంచి దారి. ఇంగ్లిష్‌లో 'డీజీఎల్' అని రాస్తారు. గ్లైసిరైజిన్‌ను చాలావరకు తీసేస్తారు, పూర్తిగా కాదు. ఎంత మిగిలిందో శాతంలో రాసిన సరుకే తీసుకోండి. రుచి విషయంలో ఒక చిన్న పరీక్ష ఉంది కానీ దాన్ని నమ్ముకోకండి: తీపి బాగా తగ్గి ఉండాలి, అయితే తయారీదారులు వేరే తీపి కలుపుతారు.

లేబుల్ మీద ఏ పేర్లు చూడాలి?

అతిమధురం, యష్టిమధు, ములేఠీ, లికోరిస్, గ్లైసిరైజా గ్లాబ్రా, గ్లైసిరైజిన్, అమోనియం గ్లైసిరైజినేట్. చివరిది దగ్గు సిరప్‌లు, గొంతు బిళ్లలు, మూలికల టీలు, కొన్ని నమిలే పొగాకు సరుకుల్లో తీపి కోసం ఉంటుంది. ఒక్కోదాంట్లో కొంచెమే ఉన్నా రోజుకు నాలుగైదు చోట్ల నుంచి కలిస్తే లెక్క మారుతుంది. నల్ల మిఠాయిల్లో కొన్నింటికి సోంపు నూనెతో వాసన మాత్రమే పట్టిస్తారు. వాటిలో గ్లైసిరైజిన్ ఉండదు, బీపీ పెంచవు.

ఈ సంగతి కొత్తగా బయటపడిందా?

కాదు. 1946లోనే నెదర్లాండ్స్‌లో రెవర్స్ అనే వైద్యుడు కడుపు పుండుకు లికోరిస్ సారం ఇస్తే కొందరికి ఒంట్లో నీరు చేరుతోందని రాశాడు. ఆల్డోస్టెరాన్ లేకుండానే ఆల్డోస్టెరాన్ ఎక్కువైనట్టు కనిపించే ఈ పరిస్థితిని 1968లో కాన్ అనే వైద్యుడు, ఆయన సహచరులు వివరించారు. కాపలా ఎంజైమ్ ఆగిపోవడమే అసలు కారణమని 1987లో తేలింది.

ఒకసారి ఇలా జరిగితే మళ్లీ ఎప్పుడైనా వాడవచ్చా?

మా సలహా, వద్దు. ఒకసారి పొటాషియం పడిపోయిన మనిషికి మళ్లీ అదే మోతాదులో మొదలుపెడితే మళ్లీ పడిపోతుందనుకోవాలి, ఎందుకంటే అంత త్వరగా లోటు రావడానికి కారణమైన వయసు, మందులు, పేగుల తీరు అలాగే ఉంటాయి. దగ్గుకు, మంటకు వేరే మందులు ఉన్నాయి. అన్ని జాగ్రత్తలూ తీసుకుని, అతిమధురం పూర్తిగా ఆపి రెండు నెలలైనా బీపీ, పొటాషియం సర్దుకోకపోతే మాత్రం కారణం మరోచోట ఉండవచ్చు. అప్పుడు రెనిన్, ఆల్డోస్టెరాన్ మళ్లీ చూడాలి. ఈసారి ఆల్డోస్టెరాన్ ఎక్కువగా, రెనిన్ తక్కువగా వస్తే అడ్రినల్ గ్రంథిలో కణితి లాంటివి వెతకాల్సి వస్తుంది. అతిమధురం వాడుతున్న రోజుల్లో చేసిన పరీక్షలో ఆల్డోస్టెరాన్ అణిగిపోయి ఉంటుంది కాబట్టి ఆ జబ్బు కనబడకుండా దాక్కుని ఉండే అవకాశం ఉంది. పాత రిపోర్టు మీద ఆధారపడకుండా కొత్తగా చేయించమనేది అందుకే.